ముద్ర పడిన పేజీని టైప్ చేసే ముందు

అచ్చు పేజీ మీద అడ్డంగా ముద్రో వాటర్‌మార్కో ఉంటే, నేరుగా మొదటి లైన్ నుంచి టైప్ చేయడం మొదలుపెట్టకండి. ముందు ముద్రను మాత్రమే చదవండి. అందులో ఏయే పదాలున్నాయో, ఎటు వాలి ఉన్నాయో, ఏ లైన్ల మీదుగా వెళ్తున్నాయో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. పదాలు ముందే తెలిస్తే తర్వాత వాక్యంలో కనబడినప్పుడు గుర్తుపడతారు.

అర్థం లేని చోట దూరిన ముద్ర పదంతో పెద్ద ప్రమాదం లేదు, చదవగానే తెలిసిపోతుంది. అసలు భయపడాల్సింది అర్థం కుదిరిపోయే చోట. ఉదాహరణకు అచ్చులో "దరఖాస్తుతో పాటు ధ్రువపత్రం జతచేయాలి" అని ఉంది, దాని మీద "నకలు" అనే ముద్ర సరిగ్గా చివరి రెండు పదాల మధ్య పడింది అనుకోండి. "ధ్రువపత్రం నకలు జతచేయాలి" అని హాయిగా చదువుకుపోతాం, వ్యాకరణం కూడా ఎక్కడా అడ్డుపడదు, కానీ అసలు పత్రం అడిగిన చోట నకలు చాలని రాసినట్టయింది. ఇక్కడ అర్థాన్ని నమ్మకండి, ఖాళీని చూడండి. ఆ లైన్‌లో మిగతా పదాల మధ్య ఎంత జాగా ఉందో ఇక్కడా అంతే ఉంటే మధ్యలో ఇంకో పదం పట్టదు. ముద్ర అక్షరాలు పక్క అక్షరాల మీదకి ఎక్కుతాయి, లైన్‌కి సమానంగా కూర్చోవు, చాలాసార్లు సైజు కూడా తేడాగా ఉంటుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ముద్ర గీత ఒకటి "ప" లోపల పడితే అది "ష" లా కనిపిస్తుంది, కింద పడితే లేని వత్తు ఉన్నట్టుంటుంది, గుండ్రటి ముద్ర అంచు ముక్క దీర్ఘంలా అనిపిస్తుంది. అనుమానం వస్తే అదే పేజీలో ముద్ర తగలని చోట ఆ అక్షరం ఎలా అచ్చయిందో చూసి పోల్చండి.

స్కాన్ మీరే చేస్తుంటే రంగులోనే చేయండి, నలుపు తెలుపులో చేస్తే ముద్ర సిరా కూడా నల్లబడి అచ్చులో కలిసిపోతుంది, ఆ తర్వాత విడదీయడం చాలా కష్టం. రంగు ఉంటే ఫోటో ఎడిటర్‌లో ఒక్క ఛానల్‌నే, అంటే బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో ఒకదాన్నే, చూడొచ్చు: ఎర్ర ముద్రకు ఎరుపు ఛానల్, నీలం లేదా ఊదా ముద్రకు నీలం ఛానల్. ముద్ర పలచబడుతుంది, నల్ల అచ్చు అలాగే నిలుస్తుంది. ముద్ర కూడా నలుపే అయితే ఈ ఉపాయం పనికిరాదు.

ముద్రను వదిలేయనక్కర్లేదు, పేజీ చివర విడిగా [ముద్ర: నకలు] అని రాయండి. ముద్ర కింద పడిన అంకె గానీ పేరు గానీ కనబడకపోతే ఊహించి నింపకండి, [ముద్ర కింద చదవలేకపోయాను] అని పెట్టండి. అంతా అయ్యాక ముద్ర పదాలను ఒక్కొక్కటిగా మీ ఫైల్‌లో వెతకండి. దొరికిన ప్రతి చోటా స్కాన్ బొమ్మ తెరిచి చూడాలి, అన్నీ ఒకేసారి తీసేయకూడదు, ఎందుకంటే "నకలు" అనే మాట అచ్చులోనే ఇంకెక్కడో నిజంగా ఉండొచ్చు.