క్రిప్టోలో కొంచెం పెట్టొచ్చా? పెడితే ఎంత, హద్దు ఎక్కడ గీయాలి?

ముందు సూటిగా జవాబు. క్రిప్టో లేకపోయినా ఇంటి పొదుపుకి ఏ లోటూ ఉండదు. పెట్టాలనే అనిపిస్తే, మొత్తం పోయినా ఇంట్లో ఏ పనీ ఆగనంత సొమ్ముతో, ఒక్కసారే, ముందే రాసుకున్న షరతులతో పెట్టండి.

మొదట, మీ దగ్గర ఇప్పటికే ఉన్న జూదం లెక్కేయండి

గుంటూరు, విజయవాడ ఇళ్లలో చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. కోల్డ్ స్టోరేజీలో రేటు కోసం ఆపిన మిర్చి టిక్కీలు, తుళ్లూరు వైపు కొన్న రెండొందల గజాలు కూడా ధర పెరుగుతుందన్న నమ్మకం మీద నిలబడ్డ సొమ్మే. రాజధాని ప్రకటనతో ఎగిసిన ఆ స్థలాలకి, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు కరువయ్యారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ బేరాలు మొదలయ్యాయి. మధ్యలో పిల్ల పెళ్లికి అమ్మాల్సి వచ్చినవాళ్లు ఏ రేటుకి ఇచ్చారో మీకు తెలిసే ఉంటుంది. అలాంటి ఆస్తి ఇంట్లో పెద్ద వాటాగా ఉంటే మీ జూదపు వాటా నిండిపోయినట్టే. క్రిప్టోకి చోటు లేదు.

అప్పు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అది తీర్చేస్తే మిగిలే 24 శాతం ఖాయం. పాడుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు కూడా అప్పే. ముందు ఈ అప్పులు తీరాలి, ఆపైన ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే చదవడం ఇక్కడే ఆపేయొచ్చు.

ఎంత పెట్టాలి

పటమటలో ఉండే ఒక ఉద్యోగి లెక్క ఉదాహరణగా వేద్దాం. పీఎఫ్ 8 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు 5, మ్యూచువల్ ఫండ్లు 6, బంగారం 1. మొత్తం 20 లక్షలు. ఇందులో 2 శాతం, అంటే 40 వేలు. మా లెక్కలో అది పైహద్దు.

అంత తక్కువ ఎందుకంటే, ఈ సరుకు పడితే ఎలా పడుతుందో చూశాం. బిట్‌కాయిన్ 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దగ్గరుంది. ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి వచ్చింది. అన్నిట్లోకీ గట్టిదనుకునే కాయినే అలా పడింది. లూనా అనే కాయిన్ అయితే 2022 మేలో కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నా అయింది. కాబట్టి 40 వేలూ పోతాయనే అనుకుని లెక్కేయాలి. పోతే 20 లక్షలు 19 లక్షల 60 వేలవుతాయి. నొప్పే, కానీ పిల్లల ఫీజు ఆగదు. అయిదింతలయితే? లాభం 1,60,000. అందులో పన్ను 49,920 పోగా మిగిలేది 1,10,080. బాగుంది కానీ దాంతో జీవితం మారిపోదు. ఈ రెండో లెక్క చూశాక ఆశ చల్లారితే, అసలు పెట్టకపోవడమే మంచిది.

పన్ను చూసుకుని కాయిన్ ఎంచుకోండి

క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు కలిపి 31.2 శాతం. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తగ్గించుకోనివ్వరు. అసలు దెబ్బ ఇంకోటి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి కూడా తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికీ మోసుకెళ్లనివ్వరు.

రెండు కాయిన్లలో చెరో 20 వేలు పెట్టారనుకోండి. ఒకదాన్ని 15 వేల లాభానికి, రెండోదాన్ని 15 వేల నష్టానికి అమ్మారు. చేతికి వచ్చిన లాభం సున్నా. అయినా 4,680 రూపాయలు పన్ను కట్టాలి. షేర్లలో నాలుగు రకాలు కొంటే రిస్కు తగ్గుతుందన్న అలవాటు ఇక్కడ పన్ను దగ్గర బెడిసికొడుతుంది. అందుకే ఒక్క కాయిన్ చాలు, అదీ బిట్‌కాయిన్ లాంటి పాతది. రోజూ కొని అమ్మడం అసలు వద్దు. అప్పుతో పందెం పెంచే ఫ్యూచర్స్ జోలికీ పోవద్దు.

కొనే రోజు

ఆర్థిక నిఘా విభాగం, అంటే ఎఫ్ఐయూ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే, అంటే కాయిన్లు కొని అమ్మే వేదికలోనే ఖాతా తెరవండి. జీతం పడే ఖాతా కాకుండా వేరే బ్యాంకు ఖాతాని దానికి కలపండి. 40 వేలూ పంపే ముందు ఒక వెయ్యి పంపి, దాన్ని తిరిగి బ్యాంకులోకి రప్పించి చూడండి. డబ్బు లోపలికి పోవడం ఎప్పుడూ సులువే, బయటికి వచ్చేదాకా నమ్మకూడదు. నమోదైన ఎక్స్ఛేంజ్ కూడా పూర్తి భద్రత కాదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ మీద హ్యాకింగ్ జరిగి 23 కోట్ల డాలర్ల పైచిలుకు సొమ్ము పోయింది, ఖాతాదారుల డబ్బు నెలల తరబడి ఇరుక్కుంది. అందుకే హద్దు వేసేటప్పుడు మొత్తం పోతుందనుకున్నాం.

ఎక్కువ రేటు ఇస్తామంటూ టెలిగ్రామ్‌లో నేరుగా కొనేవాళ్లకి అమ్మకండి. వాళ్లు పంపే డబ్బు ఎవరినో మోసం చేసి తెచ్చినదైతే, ఫిర్యాదు పడగానే మీ ఖాతా స్తంభిస్తుంది. ఇంకో గుర్తు: లాభం తీసుకోవాలంటే ముందు పన్ను కట్టమని యాప్ వాళ్లే డబ్బు అడిగితే అది మోసమే. అమ్మినప్పుడు కోసేది 1 శాతం టీడీఎస్ మాత్రమే, మిగతాది మీరే ప్రభుత్వానికి కడతారు. అలా అడిగారంటే ఇంకో రూపాయి పంపకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

పెరిగితే కొంత అమ్మండి, పడితే పొయ్యకండి

40 వేలు 80 వేలయితే అది మొత్తంలో 4 శాతం దగ్గరికి వస్తుంది. అప్పుడు అసలు వెనక్కి తీసుకోండి. చాలామంది సగం, అంటే 40 వేలది అమ్మి, అసలు వచ్చేసిందనుకుంటారు. ఆ సగంలో లాభం 20 వేలు, పన్ను 6,240. చేతిలో మిగిలేది 33,760 మాత్రమే. పన్ను పోను 40 వేలు కావాలంటే సుమారు 47,400 విలువది అమ్మాలి. అందులో లాభం 23,700, పన్ను దాదాపు 7,400. ఆ 7,400 అదే రోజు పక్కన పెట్టేయండి. ఖర్చైపోతే రిటర్ను వేసేనాటికి వెతుక్కోవాలి.

పడినప్పుడు మాత్రం 2 శాతానికి మళ్లీ నింపకండి. ఇండెక్స్ ఫండ్ పడితే నింపడానికి కారణం ఉంది, దాని వెనక కంపెనీలు సంపాదిస్తూ ఉంటాయి. కాయిన్ వెనక అలాంటి ఆదాయం లేదు. సగం పడిన ప్రతిసారీ 20 వేలు పోస్తూ పోతే, నాలుగుసార్లకే పెట్టింది 1,20,000 అవుతుంది. 2 శాతం అనుకున్నది 6 శాతమైంది. చాలా ఇళ్లలో దెబ్బ ఈ దారినే తగులుతుంది, మొదటి 40 వేలతో కాదు. "ఇంతకంటే పోయను" అని తేదీ వేసి రాసి, ఇంట్లో ఇంకొకరి సంతకం కూడా తీసుకోండి.

కాగితాలు

కొన్న తేదీ, ధర, అమ్మిన తేదీ, ధర ఒక పుస్తకంలో రాయండి. ఎక్స్ఛేంజ్ మూతపడితే మీ దగ్గర ఉండే రుజువు అదే. అమ్మిన ఏడాది ఐటీఆర్-1 పనికిరాదు. జీతం ఉన్నవాళ్లు సాధారణంగా ఐటీఆర్-2లో, క్రిప్టో లావాదేవీల కోసం ఉన్న షెడ్యూల్ వీడీఏలో చూపించాలి. కోసిన టీడీఎస్ ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరిట ఉండే వార్షిక సమాచార పత్రం ఏఐఎస్‌లో కనపడుతుంది, మీ లెక్కతో సరిపోల్చుకోండి. ఎక్స్ఛేంజ్ పేరు, ఖాతా ఏ ఫోన్ నంబరు మీద ఉందో భార్యకో భర్తకో తెలిసేలా అదే పుస్తకంలో రాసి పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయొద్దు.