ట్రేడ్ పరిమాణానికి కెల్లీ లెక్కలో సగం

ఒక్కో ట్రేడ్‌లో ఎంత నష్టానికి సిద్ధపడాలో తేలక ప్రతిసారీ తడబాటే. కెల్లీ సూత్రంతో అది తేలుతుంది: f = p − (1−p)/b. ఇక్కడ p గెలిచే అవకాశం, b నష్టానికి లాభం ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య. p 0.55, b 1 అయితే మూలధనంలో 10 శాతం వస్తుంది. నేను అందులో సగం, అంటే 5 శాతమే పెడతాను. ఆ మొత్తాన్ని కొనే ధరకూ స్టాప్‌లాస్‌కూ ఉన్న తేడాతో భాగిస్తే ఎన్ని షేర్లు కొనాలో తెలుస్తుంది.

సగమే ఎందుకంటే, p మన అంచనా మాత్రమే. నిజానికి అది 0.52 అయితే సరైన వాటా 4 శాతమే. అప్పుడు 10 శాతం పెట్టేవారి మూలధనం, గెలుపులే ఎక్కువైనా, క్రమంగా కరిగిపోతుంది. 5 శాతంతో మెల్లగానైనా పెరుగుతుంది. అంచనా సరైనదే అయినా పోయేది వృద్ధిలో దాదాపు పావు వంతే.

ఒకే దిశలో కదిలే షేర్లను ఒకేసారి కొంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. వాటన్నిటినీ ఒకే ట్రేడ్‌గా చూసి ఆ 5 శాతాన్నే పంచాలి.