స్కాన్ టైమ్ మార్చమని అడిగేటప్పుడు

ఇన్సులిన్ వేసుకునేవారికి పొట్ట అల్ట్రాసౌండ్ మధ్యాహ్నం పడితే చిక్కే. ఏమైనా తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది, లోపలి రాళ్లు సరిగా కనిపించవు. అందుకే పరగడుపున రమ్మంటారు. కానీ ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది.

‘ఆ రోజు కుదరదు, మార్చండి’ అని మాత్రం పంపకండి. అలా పంపితే మళ్లీ మధ్యాహ్నం స్లాటే ఇచ్చే అవకాశం ఉంది. ఏ సూచన, ఎందుకు పాటించలేరో రాయండి. ఇలా:

‘నమస్కారమండీ. 14వ తేదీ మధ్యాహ్నం 2 గంటలకు నాకు పొట్ట అల్ట్రాసౌండ్ ఉంది. 8 గంటల ముందు నుంచి ఏమీ తినొద్దన్నారు. నేను రోజూ ఉదయం 8కి మిక్స్‌డ్ ఇన్సులిన్ 20 యూనిట్లు వేసుకుని తినాలి, మధ్యాహ్నం దాకా ఆగలేను. ఉదయం మొదటి స్లాట్ ఇవ్వగలరా? రాత్రి నుంచి పరగడుపున ఉండి, స్కాన్ అయ్యాక ఇన్సులిన్ వేసుకుని తింటాను. ఉదయం డోసు ఆలస్యం చేయవచ్చో డాక్టర్‌ను అడిగి చెప్పండి.’

కింద పేరు, ఫోన్ నంబరు, బుకింగ్ నంబరు. ఆ చివరి ప్రశ్న వదిలేయకండి. ముందు రాత్రి డోసు ఉంటే దాన్నీ అందులో చేర్చండి. స్లాట్ మార్చేది రిసెప్షన్, డోసు సంగతి చెప్పాల్సింది డాక్టరే. కొత్త టైమ్ ఖాయమయ్యే దాకా పాత బుకింగ్ రద్దు చేయించుకోవద్దు.