జెల్ కొట్టినప్పుడు అవతలివాళ్లకు మీ పేరు ఎలా కనిపిస్తుంది? అమెరికాకు కొత్తగా వచ్చినవారికి సూచనలు

ఇండియాలో ఫోన్‌పే, గూగుల్ పే వాడినన్నాళ్లూ డబ్బు పంపిన మనిషి ఎవరన్నది పెద్ద ప్రశ్న కాదు. అందుకున్నవారికి మీ పేరుతో పాటు మీ యూపీఐ ఐడీ కూడా కనిపిస్తుంది. చాలామంది ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది కాబట్టి పేరు చూసి పోల్చుకోలేకపోయినా నంబరు చూసి పోల్చుకుంటారు. అమెరికాలో అద్దె, కరెంటు బిల్లు వాటా, కిరాణా ఖర్చు పంచుకోవడానికి మనవాళ్లు ఎక్కువగా వాడేది జెల్. అందులో లెక్క వేరు. అక్కడ మిమ్మల్ని గుర్తుపట్టడానికి అవతలివాళ్లకు దక్కేది చాలావరకు ఒక్క పేరే. ఆ పేరును ఎంచుకునేది మీరు కాదు, మీ బ్యాంకు.

జెల్‌కు విడిగా యాప్ ఉండేది కానీ 2025 ఏప్రిల్ 1 నుంచి దానిలో డబ్బు పంపడం ఆగిపోయింది. ఇప్పుడు మీ బ్యాంకు యాప్‌లోనే జెల్ ఉంటుంది. మీ అమెరికా ఫోన్ నంబరు గానీ ఈమెయిల్ గానీ ఖాతాకు కలుపుతారు. అవతలివాళ్ల నంబరో ఈమెయిలో కొట్టి డబ్బు పంపుతారు. పంపాక అందుకున్నవారికి మీ బ్యాంకు ఖాతాలో నమోదైన పేరు, మొత్తం, మీరు మెమోలో రాసిన మాట కనిపిస్తాయి. ఖాతా నంబరు కనిపించదు. మీ ఫోన్ నంబరు మాత్రం కొన్ని చోట్ల కనిపించే వీలుంది కాబట్టి అది పూర్తిగా దాగి ఉంటుందని అనుకోకండి. అలాగే అది చూసి అవతలివాళ్లు మిమ్మల్ని గుర్తుపడతారన్న నమ్మకమూ పెట్టుకోకండి. నెలాఖరు స్టేట్‌మెంట్‌లో అయితే మిగిలేది ఇలాంటి ఒక్క లైను. బ్యాంకును బట్టి మాటలు కొద్దిగా మారతాయి:

```
Zelle payment from VENKATA KONDAPALLI
```

మన పేర్లతో చిక్కు ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు కొండపల్లి, Given Name గడిలో VENKATA SAI KRISHNA అని ఉందనుకోండి. ఇంట్లో, కాలేజీలో అందరికీ అతను సాయి. బ్యాంకులో ఖాతా తెరిచే ఉద్యోగి First Name గడిలో VENKATA కొట్టి, మిగతా రెండు ముక్కలను Middle Name గడిలో వేస్తాడు. ఒక్కోసారి వాటిని వదిలేస్తాడు కూడా. అప్పటినుంచి జెల్‌లో అతను వెంకట. అదే గదిలో ఉన్న వెంకట రమణా వెంకటే, పక్క గదిలోని వెంకట నాగ చైతన్యా వెంకటే. ఇంటి యజమాని ఫోన్‌లో ముగ్గురికీ మొదటి పేరు ఒకటే.

ఇంతకన్నా ఇబ్బంది పడేవాళ్లు పాస్‌పోర్టులో Surname గడి ఖాళీగా ఉన్నవాళ్లు. ఇంటిపేరుతో సహా మొత్తం పేరు Given Name గడిలోనే ఉంటే, అమెరికా వీసా మీద ఆ మొత్తాన్నీ ఇంటిపేరు గడిలోకి జరిపి, మొదటి పేరు చోట `FNU` అని వేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. బ్యాంకువాళ్లు వీసా చూసి అదే దించుకుంటే మీ మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ అయిపోతుంది. ఈ మూడక్షరాల సంగతి తెలియని యజమాని అదేదో కంపెనీ పేరనుకుంటాడు.

దీనివల్ల జరిగేది ఏమిటో ఒక ఉదాహరణ చూద్దాం. రెండు పడకగదుల ఇంట్లో ముగ్గురున్నారు. అద్దె నెలకు 1,950 డాలర్లు, తలా 650. లీజు మీద ముగ్గురి పూర్తి పేర్లూ ఉన్నాయి. ఒకటో తారీఖున సాయి 650 పంపాడు, యజమానికి VENKATA KONDAPALLI నుంచి వచ్చినట్టు కనిపించింది. రెండో అతను పంపిన 650 ఎదుట FNU అని ఉంది. మూడో అతని కొత్త ఖాతాకు రోజువారీ పరిమితి తక్కువ. ఆ రోజు ఇంకో ఖర్చు పడి అది నిండిపోయింది. అందుకని పక్క ఇంటి స్నేహితుడి ఖాతా నుంచి 650 పంపించాడు. యజమానికి కనిపించింది ఆ స్నేహితుడి పేరు. లీజులో ఆ పేరే లేదు. మెమో ముగ్గురూ ఖాళీగా వదిలేశారు. 1,950 డాలర్లూ ఒకటో తారీఖునే చేరినా యజమాని లెక్కలో కచ్చితంగా తేలింది ఒక్క 650. గడువు దాటాక ఆలస్య రుసుము నోటీసు వస్తే, కట్టామని చూపించుకోవాల్సిన పని అద్దెకున్నవాళ్ల మీదే పడుతుంది.

ఇక్కడ తప్పు జెల్‌ది కాదు. ఖాతా ఎవరిదో వాళ్ల పేరు చూపించడమే దాని పని. ఎవరి తరఫున పంపారన్నది దానికి తెలిసే దారి మెమో ఒక్కటే. అందుకే అద్దె పంపేటప్పుడు మెమో ఖాళీగా వదలొద్దు. ఇంటి నంబరు, నెల, లీజులో ఉన్న పేరు, ఈ వరుసలో రాయండి. `Apt 214 Aug rent Sai Kondapalli` అంటే చాలు. ఇంటి నంబరు ముందు ఎందుకంటే కొన్ని యాప్‌ల జాబితాలో మెమో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. మెమోలో సరదాలు వద్దు. అది అవతలివాళ్ల యాప్‌లోని లావాదేవీల రికార్డులో మిగిలిపోతుంది. పైగా ఆంక్షలున్న దేశాల పేర్ల లాంటి మాటలు కనబడితే బ్యాంకులు చెల్లింపును ఆపి చూసే అవకాశం ఉంది. బిర్యానీ పార్టీ వాటాకు సరదాగా ఇరాన్ పేరు తగిలించి, డబ్బు ఎందుకు ఆగిందని తలపట్టుకోవడం అనవసరం.

మీ పేరు అవతల ఎలా పడుతోందో తెలుసుకోవడానికి ఊహించక్కర్లేదు. రూమ్మేట్‌కు ఒక్క డాలరు పంపి, అతని ఫోన్ తీసుకుని రెండు చోట్ల చూడండి. వచ్చిన నోటిఫికేషన్‌లో ఏముందో ఒకటి, ఖాతా లావాదేవీల జాబితాలో ఆ లైను ఎలా ఉందో ఇంకొకటి. రెండూ ఒకేలా ఉండాలని లేదు. ఇది చూసేటప్పుడు రూమ్మేట్ కాంటాక్టుల్లో మీ పేరు ఎలా ఉందో కూడా గమనించండి. ఫోన్‌లో "సాయి రూమ్" అని దాచుకుని ఉంటే కొన్ని చోట్ల అదే కనిపించి మిమ్మల్ని మోసపుచ్చుతుంది. యజమాని ఫోన్‌లో ఆ సదుపాయం ఉండదు. స్టేట్‌మెంట్ లైనే నమ్మదగినది.

పేరు గడులు తారుమారై ఉంటే పాస్‌పోర్టు పట్టుకుని బ్రాంచికి వెళ్లి, First, Middle, Last గడుల్లో ఏమున్నాయో చూపించమని అడగండి. ఉద్యోగి కొట్టడంలో దొర్లిన పొరపాటు అక్కడికక్కడే దిద్దించుకోవచ్చు. పాస్‌పోర్టులోనే ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే బ్యాంకు చేయగలిగింది తక్కువ. ముందు పాస్‌పోర్టులో పేరు రెండు గడులుగా విడగొట్టించుకోవాలి, దానికి సమయం పడుతుంది. అప్పటిదాకా "నా డబ్బు FNU అన్న పేరు మీద వస్తుంది, లీజులో ఉన్నది నేనే" అని యజమానికి ఒక ఈమెయిల్ రాసి పెట్టుకోండి. రేపు మాట వస్తే ఆ ఈమెయిలే ఆధారం.

భార్యాభర్తలకు ఉమ్మడి ఖాతా ఉంటే, సాధారణంగా ఎవరి లాగిన్‌తో పంపితే వాళ్ల పేరే పడుతుంది. ప్రతినెలా ఒకరి లాగిన్ నుంచే అద్దె కడితే యజమాని దగ్గర లెక్క చెదరదు.

ఇక అవతలి వైపు. డబ్బు పంపే ముందు నంబరు కొట్టగానే ఆ నంబరు ఎవరి పేరు మీద నమోదైందో మీకూ కనిపిస్తుంది. కొన్ని యాప్‌లలో `Enrolled as` అని ఉండి పక్కన పేరు వస్తుంది. ఆ పేరు చూడకుండా ముందుకు వెళ్లకండి. అమెరికాలో వదిలేసిన నంబర్లను మళ్లీ కొత్తవాళ్లకు ఇస్తారు. మీ రూమ్మేట్ నిన్న తీసుకున్న సిమ్ నంబరు ఇదివరకు ఇంకెవరి జెల్‌కో కట్టి ఉండొచ్చు. అప్పుడు పేరు చోట ముక్కూమొహం తెలియని మనిషి కనిపిస్తాడు, డబ్బూ అతనికే పోతుంది. నమోదైన నంబరుకు వెళ్లిన జెల్‌ను వెనక్కి రద్దు చేయలేరు. మీ కొత్త నంబరు కలపబోతే అది ఇప్పటికే నమోదై ఉందని బ్యాంకు యాప్ చెబితే కారణం సాధారణంగా ఇదే. బ్యాంకుకు ఫోన్ చేసి పాత లంకెను తీయించండి, ఈలోగా ఈమెయిల్‌తో నమోదు చేసుకోండి. అసలు ఎవరికీ నమోదు కాని నంబరుకు పంపితే సంగతి వేరు. ఆ మనిషి 14 రోజుల్లో నమోదు చేసుకోకపోతే డబ్బు మీకే తిరిగి వస్తుంది.

అమెరికాలో డబ్బు పంపుకోవడానికి వాడే ఇంకో యాప్ వెన్మో. అందులో ఇదంతా తలకిందులు. అక్కడ అందుకునేవారికి కనిపించేది మీరు పెట్టుకున్న పేరు, `@` తో మొదలయ్యే మీ యూజర్‌నేమ్, మీ ఫోటో. సాయి అని పెట్టుకుంటే సాయే, కాబట్టి గుర్తుపట్టడం తేలిక. చిక్కు ఏమిటంటే అది అందుకునేవారితో ఆగదు. సెట్టింగ్ మార్చకపోతే ఎవరు ఎవరికి పంపారు, ఏ నోటు రాశారు అన్నది బయటివాళ్లూ చూడగలరు. మొత్తం మాత్రం కనిపించదు. 2021లో అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ వెన్మో ఖాతాను విలేకరులు కొన్ని నిమిషాల్లోనే వెతికి పట్టుకున్నారు. ఆ తర్వాతే స్నేహితుల జాబితాను దాచుకునే సదుపాయం వచ్చింది. ఖాతా తెరిచిన రోజే సెట్టింగ్స్‌లో Privacy లోకి వెళ్లి `Private` ఎంచుకోండి. అదే పేజీలో పాత లావాదేవీలను కూడా ప్రైవేటుగా మార్చే వరుస, స్నేహితుల జాబితా వరుస విడిగా ఉంటాయి. మూడూ మార్చాలి, ఒకటి మారిస్తే మిగతావి వాటంతట అవి మారవు. ఇద్దరిలో ఒకరు ప్రైవేటు పెట్టుకున్నా ఆ లావాదేవీ బయటికి కనిపించదు.

వాడిన సోఫా, సైకిల్ అమ్మేటప్పుడు మీరే అందుకునేవారు అవుతారు. కొనేవాడు పంపానంటాడు, వెంటనే జెల్ పేరుతో ఈమెయిల్ వస్తుంది. అందులో అతని పేరు, మొత్తం అన్నీ ఉంటాయి. "మీది బిజినెస్ ఖాతా కాదు, అందుకే డబ్బు ఆగింది, ముందు మీరు 300 డాలర్లు పంపితే కలిపి వస్తుంది" అని కింద రాసి ఉంటుంది. ఇది పక్కా మోసం. ఈమెయిల్‌లో ఏ పేరైనా టైపు చేయొచ్చు. ఆ పేరు మీ బ్యాంకు యాప్‌లో, ఖాతా లావాదేవీల జాబితాలో, మొత్తంతో సహా కనిపించేదాకా సోఫా గడప దాటనివ్వకండి.