ఊరగాయల సీజన్ మొదలయ్యేలోపు బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్

మామిడికాయ వచ్చే నెలల్లో ఇంటి పచ్చళ్ల వ్యాపారం ఒక్కసారిగా పుంజుకుంటుంది. అనంతపురం, కడప, కర్నూలులో ఇంట్లోనే పొడులు, ఊరగాయలు చేసి అమ్మేవాళ్లు కొత్త లేబుళ్లు వేయించేదీ, బెంగళూరుకో హైదరాబాద్‌కో డీలర్‌ను పెట్టుకునేదీ అప్పుడే. పేరు నలుగురి నోళ్లలో పడేది ఆ నెలల్లోనే, దాన్ని ఇంకొకరు వాడుకునేదీ ఆ నెలల్లోనే. అందుకే లేబుళ్లు ప్రింటింగ్‌కు ఇవ్వకముందే పేరు సంగతి తేల్చుకోండి.

"మాకు అన్ని కాగితాలూ ఉన్నాయి" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. జీఎస్టీలో ఆ పేరు ఉంది, ఉద్యమ్‌లో ఉంది, ఫుడ్ లైసెన్స్ మీద ఉంది, కరెంట్ అకౌంట్ కూడా ఆ పేరుతోనే ఉంది. ఇవన్నీ కావలసినవే. కానీ వీటిలో ఏ కాగితమూ ఆ పేరు మీ సొంతమని చెప్పదు. జీఎస్టీ పన్ను కోసం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఆహార భద్రత కోసం. అదే పేరుతో ఇంకొకరు వెళ్లినా వాళ్లకూ నంబరు వస్తుంది, ఎందుకంటే ఆ పేరు ముందు ఎవరిదో చూడటం ఆ ఆఫీసుల పని కాదు. వస్తువు మీద వాడే పేరుకు దేశమంతటా హక్కు ఇచ్చేది 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద చేసుకునే రిజిస్ట్రేషన్.

తేడా ఎక్కడ తెలుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అనంతపురంలో ఒకావిడ "గువ్వగంప" అనే పేరుతో చెనిక్కాయల పొడి, ఉల్లికారం, మామిడికాయ ఊరగాయ అమ్ముతున్నారనుకోండి. ఇది నేను ఊహించిన పేరే. కొన్నేళ్లకు ఒక కస్టమర్ ఫోన్ చేసి, "అక్కా, మీ పొడి హైదరాబాద్‌లో మా వీధి షాపులోనే దొరికింది, కానీ ఈసారి రుచి మారిందేంటి?" అంటుంది. ఫొటో తెప్పించుకుని చూస్తే అదే పసుపు ప్యాకెట్, అదే గంప బొమ్మ. పేరు మాత్రం "గువ్వ గంప" అని రెండు ముక్కలుగా ఉంది. వెనక వైపు తయారీదారు చిరునామా వేరు, ఫుడ్ లైసెన్స్ నంబరు వేరు.

ఈవిడకు రిజిస్ట్రేషన్ లేకపోతే దారి పూర్తిగా మూసుకుపోదు. "పాసింగ్ ఆఫ్" కింద దావా వేయవచ్చు. కానీ అందులో మూడు విషయాలు ఆవిడే రుజువు చేయాలి: తన పేరుకు జనంలో అప్పటికే గుర్తింపు ఉందని, అవతలివాళ్లు తమ సరుకును ఆవిడ సరుకులా అనిపించేట్టు చేశారని, దానివల్ల ఆవిడకు నష్టం జరిగిందని లేదా జరిగే ప్రమాదం ఉందని. ఇంటి వ్యాపారం చిక్కుకునేది మొదటి దగ్గరే. తొలి రోజుల అమ్మకాలన్నీ వాట్సాప్ ఆర్డర్లు, ఫోన్‌పే చెల్లింపులు. బిల్లు ఉండదు, ఉన్నా దాని మీద బ్రాండ్ పేరు ఉండదు. పైగా ఆ దావా సాధారణంగా అవతలివాళ్లు ఉన్నచోట గానీ, ఆ మోసం జరిగినచోట గానీ వేయాలి. అంటే హైదరాబాద్ వాయిదాలకు తిరగాలి.

రిజిస్ట్రేషన్ ఉంటే మొదటి మెట్టే మారిపోతుంది. ఆ సర్టిఫికెట్టే హక్కుకు ప్రాథమిక ఆధారం. ఒకే రకం సరుకు మీద మోసపోయేంత దగ్గరి పేరు వాడారని చూపిస్తే చాలు. పేరును రెండు ముక్కలు చేసినా, స్పెల్లింగ్ మార్చినా పలికినప్పుడు ఒకేలా వినిపిస్తుంటే తప్పించుకోలేరు. "అది మా ఫర్మ్ పేరు, మేమూ రిజిస్టర్ చేసుకున్నాం" అన్నా కుదరదు. రిజిస్టరైన మార్కును అదే సరుకు అమ్మే వ్యాపారానికి పేరుగా పెట్టుకోవడం కూడా సెక్షన్ 29 ప్రకారం ఉల్లంఘనే. అన్నిటికన్నా నాకు విలువైనదిగా కనిపించేది సెక్షన్ 134. దాని ప్రకారం ఆవిడ తాను ఉండి వ్యాపారం చేసుకునే అనంతపురం జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. చిన్న వ్యాపారికి ఈ ఒక్క వెసులుబాటే సగం బలం.

ఇక దరఖాస్తుకు ముందు చూసుకోవలసినవి. అన్నిటికన్నా ముందు పేరు. "అనంతపురం ఇంటి పచ్చళ్లు" లాంటివి ఊరి పేరూ సరుకు పేరూ తప్ప ఇంకేమీ చెప్పవు కాబట్టి సెక్షన్ 9 కింద అభ్యంతరం వస్తుంది. దేవుళ్ల పేర్లు, "అమ్మ చేతి", "రుచి" లాంటి మాటలు ఇప్పటికే ఎందరో వాడుతున్నారు, వాటితో సెక్షన్ 11 కింద పోలిక అభ్యంతరం తప్పడం కష్టం. లేబుల్ బొమ్మతో కలిపి అలాంటి పేరు రిజిస్టరైనా, అందులోని మామూలు మాటల మీద విడిగా హక్కు రాదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. పేరును ఉన్నదున్నట్టుగా వెతికి ఆపేయకండి, ఉచ్చారణను బట్టి వెతికే ఫొనెటిక్ సెర్చ్ కూడా చేయండి.

తర్వాత క్లాసు, అంటే రిజిస్ట్రీ లెక్కలో మీ సరుకు ఏ వర్గంలోకి వస్తుందన్నది. ఇక్కడ పొరపాటైతే కట్టిన డబ్బుకు తగ్గ రక్షణ రాదు. కూరగాయల, కాయల ఊరగాయలు 29వ క్లాసులోకి వస్తాయి. కారప్పొడులు, మసాలాలు, పిండివంటలు, చిక్కీలు 30లోకి వస్తాయి. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో క్లాసుకు ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. పొడులూ ఊరగాయలూ రెండూ చేసే మన గువ్వగంప ఆవిడకు 9,000 అవుతుంది. చేతిలో అంత లేకపోతే ఎక్కువ అమ్ముడయ్యే సరుకు క్లాసుతో మొదలుపెట్టి, లోగో తర్వాత చూసుకుని, ముందు పేరును వర్డ్ మార్కుగా వేయమంటాను. లేబుల్ డిజైన్ ఏటా మారవచ్చు, పేరు మారదు.

దరఖాస్తుదారుగా ఎవరి పేరు ఉందో సంతకానికి ముందు చదవండి. సరుకు పట్టణంలో అమ్మిపెట్టే డీలరు "ఆ పని నేను చూసుకుంటాలెండి" అని తన పేరు మీద వేసుకుంటే, ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించడానికి మీరు మళ్లీ కేసు నడపాలి. ఫారంలో ఈమెయిలు, ఫోన్ నంబరు కూడా మీవి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తాయి. అన్నీ ఆన్‌లైన్‌లోనే కాబట్టి ప్రయాణం అక్కర్లేదు, కానీ ఉత్తరాలన్నీ మెయిలుకే వస్తాయి. దరఖాస్తును పరిశీలించి రిజిస్ట్రీ అభ్యంతరాలతో పంపే ఎగ్జామినేషన్ రిపోర్టు అందాక 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ మెయిలు మీ తరఫున దరఖాస్తు వేసిన ఏజెంటుకు మాత్రమే వెళ్లి ఆయన పట్టించుకోకపోతే, దరఖాస్తు వదిలేసినట్టు లెక్కకడతారు.

పేరు ముందునుంచీ వాడుతుంటే "ఫలానా తేదీ నుంచి వాడుతున్నాం" అని రాసి, అఫిడవిట్‌తో పాటు రుజువులు పెట్టాలి. పాత బిల్లులు, లేబుల్ ప్రింటర్ ఇచ్చిన రసీదు, కొరియర్ స్లిప్పులు, తేదీతో ఉన్న ఫేస్‌బుక్ పోస్టులు పనికొస్తాయి. రుజువు లేని తేదీ రాయవద్దు. ఈ ఫైలు రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా పారేయకూడదు, ఎందుకంటే సర్టిఫికెట్ కన్నా బలమైనది ఒకటుంది: ముందునుంచీ వాడుతున్నవాళ్ల హక్కు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. అవతలివాళ్లకూ రిజిస్ట్రేషన్ ఉన్నా, ముందునుంచి ఆ పేరు వాడుతున్నవాళ్ల వైపే నిలిచింది.

అభ్యంతరాలు దాటాక పేరు ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో అచ్చవుతుంది, ఆ తర్వాత 4 నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. వ్యతిరేకత నోటీసు అందితే 2 నెలల్లో కౌంటర్ వేయాలి. సీజన్‌కు వారం ముందు అప్లై చేస్తే ఆ సీజన్‌కే సర్టిఫికెట్ రాదని దీన్నిబట్టే అర్థమవుతుంది. అయినా ఆలస్యం చేయకండి, ఎందుకంటే వచ్చాక హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది. అప్పటిదాకా లేబుల్ మీద టీఎం గుర్తు మాత్రమే వేయించండి. సున్నాలో ఆర్ ఉన్న గుర్తు రిజిస్టరయ్యాకే వాడాలి, ముందే వేయించడం చట్టరీత్యా నేరం. సర్టిఫికెట్ చేతికొచ్చాక దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లకు రెన్యువల్ అని క్యాలెండర్‌లో రాసుకోండి. లేబుల్ ప్రింటర్‌కు కొత్త ప్లేటు ఇచ్చే రోజున పేరు స్పెల్లింగ్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి.