దరఖాస్తు ఈమెయిల్‌లో వీసా సంగతి ఎలా రాయాలి?

అమెరికాలో మాస్టర్స్ పూర్తిచేసి, చదివిన రంగంలో కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ అనుమతిపై ఉద్యోగం వెతుక్కునే చాలామంది ఈమెయిల్‌లో ఈ ఒక్క విషయం దగ్గరే తడబడతారు. కొందరు మొదటి వాక్యంలోనే ‘నాకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలి’ అని రాస్తారు. అప్పటికి వారికి ఏ పని వచ్చో చదివేవారికి తెలియదు, తెలిసేదల్లా సంస్థ మీద పడబోయే ఖర్చు. ఇంకొందరు ఆ ఊసే ఎత్తరు. మూడు ఇంటర్వ్యూలు అయ్యాక విషయం తెలిసి, సంస్థ వెనక్కి తగ్గుతుంది. ఈ రోజు ఉన్న పని అనుమతి, రేపు కావలసిన స్పాన్సర్‌షిప్ రెండు వేర్వేరు సంగతులు. వాటిని విడదీసి చెప్పడమే ఇక్కడి కిటుకు.

1. ముందు మీ తేదీలు రాసుకోండి

పని అనుమతి కార్డు చేతిలో పెట్టుకుని కూర్చోండి. ఒక అభ్యర్థిని సంగతి ఊహిద్దాం. ఆమె కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసింది. ఆమె ఓపీటీ 2025 జులై 1 నుంచి 2026 జూన్ 30 వరకు ఉంది. చదివింది సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కలిసిన స్టెమ్ విభాగం కాబట్టి మరో 24 నెలల పొడిగింపుకు, అంటే 2028 జూన్ 30 వరకు, దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి సంస్థ ఆమెకు వీసా ఇప్పించనక్కరలేదు. కానీ ఆ సంస్థ, ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి. పొడిగింపు దరఖాస్తు పెట్టుకునేది మాత్రం ఆమే.

సంస్థ స్పాన్సర్ చేసే హెచ్-1బి ఉద్యోగ వీసాకు లాటరీ నమోదు ఏటా మార్చిలో జరుగుతుంది. ఆమె 2025 చివరలో చేరితే, పొడిగింపు దొరికిన పక్షంలో 2026, 2027, 2028 మార్చి నెలల్లో మూడు అవకాశాలుంటాయి. ‘స్పాన్సర్‌షిప్ కావాలి’ అన్న మాట ఈ వెసులుబాటునంతా కప్పేస్తుంది. అందుకే ఆ మాట ఒంటరిగా రాయవద్దంటాను.

2. ప్రకటనను మళ్లీ చదవండి

‘ఇప్పుడుగానీ భవిష్యత్తులోగానీ స్పాన్సర్‌షిప్ అవసరం లేనివారే’ అని స్పష్టంగా ఉంటే, ఎంత చక్కని ఈమెయిల్ రాసినా ఆ షరతు కరగడం అరుదు. ఆ సమయాన్ని మరో సంస్థకు ఇవ్వండి. ప్రకటనలో ఏమీ రాయకపోతే దరఖాస్తు చేయండి.

3. మూడు వాక్యాలు, చివరి పేరాలో

మొదటి పేరాలన్నీ మీ పని గురించే ఉండాలి. అనుమతి విషయం చివరలో, ఎప్పుడు చేరగలరో చెప్పే చోట రాయండి. అక్కడైతే అది చేరిక వివరాల్లో ఒకటిగా సహజంగా ఇమిడిపోతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాపై ఉన్న మన అభ్యర్థిని రాసే ఇంగ్లీషు వాక్యాల భావం ఇలా ఉండాలి:

‘ఎఫ్-1 ఓపీటీపై 2026 జూన్ 30 వరకు పనిచేయడానికి నాకు అనుమతి ఉంది, వెంటనే చేరగలను. స్టెమ్ పొడిగింపుతో 2028 జూన్ వరకు కొనసాగే అర్హత ఉంది. ఆ తరువాత పనిచేయడానికి హెచ్-1బి స్పాన్సర్‌షిప్ అవసరమవుతుంది.’

ఇందులో క్షమాపణ లేదు, బతిమాలడం లేదు. ‘దయచేసి దీన్ని అడ్డంకిగా భావించవద్దు’ అని చేర్చాలనిపిస్తుంది కానీ చేర్చకండి. అడ్డంకి అన్న ఆలోచనను మీరే వారికి అందించినట్టవుతుంది. పాస్‌పోర్టు, కార్డు ప్రతులూ జతచేయవద్దు. ఉద్యోగం ఖరారయ్యాక పని అనుమతిని నిర్ధారించే ఐ-9 పత్రం నింపేటప్పుడు వాటి అవసరం వస్తుంది.

4. ఫారంలో జవాబులు కలవాలి

ఆన్‌లైన్ ఫారంలో సాధారణంగా రెండు ప్రశ్నలుంటాయి. అమెరికాలో పనిచేయడానికి చట్టబద్ధమైన అనుమతి ఉందా? ఓపీటీ కాలం ప్రారంభమైనవారికి జవాబు ‘అవును’. ఇప్పుడుగానీ భవిష్యత్తులోగానీ స్పాన్సర్‌షిప్ అవసరమా? అక్కడ కొనసాగాలనుకుంటే దీనికీ ‘అవును’ అనే చెప్పాలి. ఇప్పటికి అవసరం లేదు కదా అని రెండోదానికి ‘కాదు’ అని పెట్టేవారున్నారు. ‘భవిష్యత్తులో’ అన్న మాట అక్కడ ఉండగా అది అబద్ధమే. తరువాత బయటపడితే ఆఫర్ పోవచ్చు, చేరాక ఉద్యోగమూ పోవచ్చు. ఫారం తోసిపుచ్చుతుందన్న భయం అర్థం చేసుకోదగినదే. అందుకే నియామకం చూసే వ్యక్తికి నేరుగా వెళ్లే ఈమెయిల్‌లో తేదీలతో వివరం ఉండాలి. ఫారంలోని ‘అవును’ ఆ వివరం చెప్పలేదు.

5. ఖర్చు గురించి అడిగితే

2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల హెచ్-1బి రుసుము విని చాలా సంస్థలు బెదిరాయి. అమెరికాలోనే ఉంటూ ఎఫ్-1 నుంచి హెచ్-1బికి స్థితి మార్పు ఆమోదం పొందేవారికి అది వర్తించదని అమెరికా వలస వ్యవహారాల సంస్థ యూఎస్‌సీఐఎస్ అదే ఏడాది అక్టోబరులో స్పష్టం చేసింది. ఈమెయిల్‌లో దీన్ని ఎత్తకండి. ఫోన్‌లో అడిగితే చెప్పండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, ఆ సంభాషణకు ముందే మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి తాజా స్థితి తెలుసుకోండి.