విజయనగరంలో మా ట్యాంకుకు ముందుచూపు చాలకపోయినప్పుడు

మా అపార్ట్‌మెంటు ట్యాంకుకు మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్, అంటే రాబోయే గంటలను నమూనాతో ముందే లెక్కగట్టి మోటారును నడిపే పద్ధతి, అమర్చినప్పుడు వాడిన నమూనా `h(k+1) = h(k) + u(k) - d(k)`. ఇందులో k గంట, h సెంటీమీటర్లలో నీటి మట్టం, u ఆ గంటలో మోటారు నింపేది, d ఆ గంట వాడకం. మోటారు గంటకు 10 సెంటీమీటర్లకు మించి నింపలేదు, మట్టం 80కి తగ్గకూడదు, ఉదయం 6 నుంచి 8 వరకు వాడకం గంటకు 25, అంతకుముందు సున్నా.

మొదట 2 గంటలే ముందుకు చూడమన్నాను. 5 గంటలకు మట్టం 85 ఉండగా, మోటారు పూర్తిగా నడిస్తే 7 గంటలకు సరిగ్గా 80 నిలుస్తుందని లెక్క తేలింది. తీరా 6 గంటలకు, 8 వరకు కనబడేసరికి మట్టం 65కు పడక తప్పదని తెలిసి ప్రణాళికను లెక్కించే సాల్వర్ పరిష్కారమే లేదంది.

అసలు లోపం మోటారులో కాదు, ఎన్ని గంటలు ముందుకు చూడాలన్న గడువులో ఉంది. దాన్ని 5 గంటలు చేశాక, 6 గంటలకల్లా 110 ఉండాలని, మట్టం 85 ఉన్న 3 గంటలకే గుర్తించి 10, 10, 5 అని ప్రణాళిక వేసింది. అందులో మొదటి 10 మాత్రమే అమలు చేసి, 4 గంటలకు మళ్ళీ కొలిస్తే లీకేజీ వల్ల 95కు బదులు 93 వచ్చింది; గడువు ఒక గంట ముందుకు జరిగి, మిగిలిన ప్రణాళిక 10, 7గా మారింది.